దుబాయ్ నుంచి నగలు తెచ్చేటప్పుడు ఒక్కొక్కరికి ఎంత ఫ్రీ, మిగతాదానికి ఎంత డ్యూటీ?

ప్రశ్న: "సార్, నేను ఏడాదిన్నరగా దుబాయ్‌లో పని చేస్తున్నా. మా ఆవిడ ఎనిమిది నెలల కింద వచ్చింది. వచ్చే నెల చెల్లి పెళ్లికి ఇద్దరం హైదరాబాద్ వస్తున్నాం. నా దగ్గర 45 గ్రాములు, ఆమె దగ్గర 60 గ్రాముల నగలు ఉంటాయి, అందులో 18 గ్రాములది రాళ్ల నెక్లెస్. మగవాళ్లకి 20, ఆడవాళ్లకి 40 ఫ్రీ కదా, అంటే ఇద్దరికీ కలిపి 60 పోగా 45కే కట్టాలా? ఒంటి మీద వేసుకుని గ్రీన్ చానల్‌లో వెళ్లిపోతే ఏమవుతుంది?"

కాదండీ, లెక్క అలా రాదు. మీకు 20 గ్రాములు ఫ్రీ, మీ ఆవిడకు ఫ్రీ సున్నా. ఎనిమిది నెలలే అయింది కాబట్టి ఆమెకు 40 గ్రాముల సౌకర్యం ఇంకా రాలేదు. అయితే ఆమెకు తక్కువ రేటు డ్యూటీ వర్తిస్తుంది, కింది లెక్కల్లో దాన్ని 6 శాతంగా తీసుకున్నాను. మీ 20 పోగా మిగిలిన సాదా బంగారానికీ అదే రేటు. ఆ రాళ్ల నెక్లెస్‌కి మాత్రం ఆ తక్కువ రేటు లేదు, అది ఎవరి దగ్గర ఉందన్నదాన్ని బట్టి మీరు కట్టే మొత్తం దాదాపు సగానికి సగం మారిపోతుంది. గ్రీన్ చానల్ ఆలోచన మానేయండి, ఎందుకో కింద చెప్తాను.

నేను కస్టమ్స్‌లో ఇరవై ఏళ్లకు పైగా పని చేశాను, అందులో ఏడేళ్లు విమానాశ్రయం అరైవల్ హాల్లోనే. నగల దగ్గర వచ్చిన గొడవల్లో ఎక్కువ భాగం దొంగతనంగా తెచ్చినవాళ్లవి కావు. లెక్క తప్పుగా విన్నవాళ్లవి. ఆ తప్పు కూడా ఎప్పుడూ ఒకే చోట జరిగేది: రెండు వేర్వేరు గడువులను ఒకటే అనుకోవడం.

మొదటి గడువు ఏడాది. విదేశంలో ఏడాదికి మించి నివసించి తిరిగి వచ్చే భారతీయులకు (భారత సంతతి వాళ్లకు కూడా) నగలు ఫ్రీగా తెచ్చుకునే వీలుంది. స్త్రీలకు 40 గ్రాములు, మిగతా వాళ్లకు 20. ఏడాది నిండకపోతే ఇందులో సగమో పావో రాదు, అసలేమీ రాదు. వారం రోజులు దుబాయ్ చూసొచ్చిన వాళ్లకీ ఇది లేదు. "ఆడవాళ్లకి 40 గ్రాములు ఫ్రీ" అని అందరూ అనే మాటలో ఈ ఏడాది సంగతి ఎప్పుడూ జారిపోతుంది.

రెండో గడువు ఆరు నెలలు. ఇది ఫ్రీ కాదు, తక్కువ రేటు. ఆరు నెలలకు తగ్గకుండా విదేశంలో ఉండి వచ్చిన భారత పాస్‌పోర్టుదారు, లేదా భారత సంతతి వ్యక్తి, కిలో వరకు బంగారం తెచ్చుకుని తక్కువ రేటు డ్యూటీ కట్టుకోవచ్చు. 2024 జూలై బడ్జెట్‌లో ఆ రేటును 5 శాతం కస్టమ్స్ సుంకం, 1 శాతం వ్యవసాయ మౌలిక సదుపాయాల సెస్, మొత్తం 6గా పెట్టారు, ఇక్కడి లెక్కలన్నీ దాని మీద వేసినవే. అంతకుముందు ఇది 15 శాతం ఉండేది, అందుకే పాత వీడియోలు చూసి లెక్క వేసుకున్నవాళ్లు కంగారు పడుతుంటారు. ఈ రేటు బడ్జెట్‌లతో మారుతూ ఉంటుంది కాబట్టి టికెట్ తీసుకున్నాక ఒకసారి కస్టమ్స్ బోర్డు వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఆరు నెలలు కూడా నిండకపోతే బంగారం మామూలు బ్యాగేజీ రేటు కిందకి పోతుంది. అది 35 శాతం, దాని మీద పదో వంతు సర్‌చార్జి, వెరసి 38.5 శాతం. 6కీ 38.5కీ మధ్య మెట్టు ఏదీ లేదు. అయిదు నెలల ఇరవై రోజులకి పెళ్లికని బయల్దేరిన ఒకాయన నాకు బాగా గుర్తు. వీసా మీద ఉన్న తేదీ నుంచి లెక్కేసి ఆరు నెలలు దాటాయని ధీమాగా వచ్చాడు. వీసా ముందే వచ్చింది, మనిషి వెళ్లింది తర్వాత. లెక్క మనిషి అక్కడ ఉన్న రోజులది. పది రోజులు ఆగి వచ్చుంటే ఆరో వంతు కంటే తక్కువతో పోయేది. పాస్‌పోర్టులో స్టాంపులు చూపిస్తూ నేను వివరిస్తుంటే ఆయన మొహం చూడలేకపోయాను.

మధ్యలో చుట్టీకి వచ్చి వెళ్తే? ఆరు నెలల లెక్కకు నిబంధనలోనే జవాబుంది. ఆ కాలంలో ఇండియాకి వచ్చి ఉన్న రోజులు అన్నీ కలిపి 30 దాటకపోతే వాటిని పట్టించుకోరు, కాకపోతే ఆ చిన్న రాకల్లో ఈ తక్కువ రేటు అప్పటికే వాడుకుని ఉండకూడదు. పోయిన నెల వచ్చినప్పుడు వాడుకుని మళ్లీ ఈ నెల కూడా అంటే కుదరదు. ఏడాది గడువు దగ్గర మాత్రం "నివసించి" అన్న మాట కీలకం. మధ్యలో చుట్టీకి వచ్చి ఉంటే కౌంటర్ దగ్గర ప్రశ్న వస్తుందనే అనుకుని ఎమిరేట్స్ ఐడీ, ఉద్యోగ కాంట్రాక్టు లాంటివి చేతి సంచిలో పెట్టుకోండి. చెకిన్ పెట్టెలో అడుగున పెట్టి, "ఉన్నాయి సార్, పెట్టెలో ఉన్నాయి" అంటే మీ వెనక లైన్‌లో ఉన్నవాళ్లు తిట్టుకుంటారు.

ఇప్పుడు మీ లెక్కకే వద్దాం. సులువుగా ఉండటానికి గ్రాము 12,000 రూపాయలు అనుకుందాం. ఇది నేను పెట్టుకున్న అంకె, అసలు విలువ ఎలా కడతారో తర్వాత చెప్తాను.

మీరు రాసినట్టే వచ్చారనుకోండి. మీ 45 గ్రాముల్లో 20 ఫ్రీ, మిగిలిన 25 గ్రాముల విలువ 3,00,000, దానికి 6 శాతం అంటే 18,000. మీ ఆవిడ 60 గ్రాముల్లో 42 సాదా నగలు. వాటి విలువ 5,04,000, డ్యూటీ 30,240. ఇక 18 గ్రాముల రాళ్ల నెక్లెస్. తక్కువ రేటు ఇచ్చే నోటిఫికేషన్‌లో "రాళ్లు, ముత్యాలు పొదిగిన ఆభరణాలు మినహా" అని స్పష్టంగా ఉంది. కాబట్టి అది 38.5 శాతం కిందకి పోతుంది: బంగారం విలువే 2,16,000 వేసుకున్నా డ్యూటీ 83,160, రాళ్ల విలువ అదనం. మొత్తం మీ ఇద్దరిదీ కలిపి 1,31,400.

ఇప్పుడు నెక్లెస్ మీ దగ్గర ఉందనుకోండి. చెల్లికి కానుకగా మీరే కొన్నారు, బిల్లు మీ పేరు మీదే ఉంది, మీ సామానులోనే ఉంది. దానికి బదులు మీ దగ్గరున్న సాదా నగల్లో 18 గ్రాములు మీ ఆవిడవి, ఆమె పేరు మీద బిల్లుతో ఆమె దగ్గర ఉన్నాయి. ఏడాది దాటినవాళ్లకి ఇచ్చే ఫ్రీ పరిమితి "నగలు" అంటుంది, రాళ్లున్నవి వద్దు అనదు. కాబట్టి మీ 20 గ్రాముల్లో ఆ 18 గ్రాముల నెక్లెస్ ఇమిడిపోతుంది. ఇంకో రెండు గ్రాములు సాదా బంగారం కూడా ఫ్రీ. మీకు మిగిలింది 25 గ్రాముల సాదా నగలు, డ్యూటీ అదే 18,000. మీ ఆవిడ దగ్గర 60 గ్రాములూ సాదావే, విలువ 7,20,000, డ్యూటీ 43,200. మొత్తం 61,200. అంటే బంగారం ఒక్క గ్రాము తగ్గకుండా, ఒక్క మాట దాచకుండా 70,200 తేడా.

ఇది దొంగదారి కాదు, కాకపోతే నిజం అయి ఉండాలి. విమానం దిగాక బెల్ట్ దగ్గర నిలబడి సంచులు మార్చుకుంటే ఏం లాభం లేదు. పైన కెమెరాలు ఉంటాయి, ఆ పని చేసేవాళ్లను మేం రోజూ చూసేవాళ్లం. ఎవరిది ఏదో కొనేటప్పుడే నిర్ణయించుకోండి, బిల్లులు ఆ పేర్ల మీదే తీసుకోండి. బిల్లులో రాళ్ల బరువు వేరుగా, నికర బంగారం బరువు వేరుగా రాయించుకోండి. ఇది చాలామంది అడగరు. మొత్తం బరువు ఒక్కటే రాసి ఉంటే రాళ్లు కూడా బంగారం లెక్కలోకి పోయి మీ 20 గ్రాములు త్వరగా అయిపోతాయి.

"ఇద్దరికీ కలిపి 60" అన్నారు కదా, అదీ చూడండి. ఫ్రీ పరిమితి మనిషికి. భార్యాభర్తలైనా మీది ఆమెకు, ఆమెది మీకు కలపరు. ఆమెకు ఏడాది దాటి ఉన్నా, ఆమె దగ్గర 10 గ్రాములే ఉండి మీ దగ్గర 50 ఉంటే, ఆమె వాడని 30 మీకు రాదు.

బిళ్లలు, కడ్డీలు నగలు కావు. ఏడాది కాదు కదా, పదేళ్లు ఉండొచ్చినా ఒక్క గ్రాము బిళ్లకు కూడా ఫ్రీ లేదు. "చిన్న బిళ్లే కదా సార్, పిల్లకి పుట్టినరోజుకి" అన్న మాట నేను ఎన్నిసార్లు విన్నానో. ఆరు నెలలు దాటి ఉంటే వాటికీ 6 శాతమే, తేవద్దని కాదు, ఫ్రీ అనుకుని తేవద్దని. గల్ఫ్ దుకాణాల్లో అమ్మే తోలా బిస్కెట్ మన వాళ్లు అనే తులం కాదన్నది కూడా గుర్తుంచుకోండి. మనం ఇప్పుడు తులం అంటే 10 గ్రాములు, ఆ తోలా 11.66 గ్రాములు. పది తోలాల బిస్కెట్ తెచ్చి డిక్లరేషన్‌లో 100 గ్రాములని రాసిన పెద్దాయన్ని చూశాను. ఆయన అబద్ధమాడలేదు, ఇంట్లో అనే లెక్క చెప్పాడంతే. తూకంలో 16 గ్రాములు ఎక్కువ తేలేసరికి పాపం చెమటలు పట్టాయి.

గల్ఫ్ గ్రూపుల్లో ఒక పట్టిక తిరుగుతూ ఉంటుంది, ఇన్ని గ్రాముల దాకా 3 శాతం, ఆ పైన 6, వంద దాటితే 10 అని. దాన్ని నమ్మకండి. నోటిఫికేషన్‌లో బరువు పెరిగేకొద్దీ పెరిగే స్లాబులు లేవు. మీరు అర్హులైతే ఒకటే రేటు, కాకపోతే 38.5.

విలువ ఎలా కడతారంటే, దుకాణం బిల్లు మీద కాదు. తక్కువ రేటులో వచ్చే బంగారానికి కస్టమ్స్ బోర్డు పది గ్రాములకు ఇంత అని డాలర్లలో టారిఫ్ విలువ ప్రకటిస్తుంది, మామూలుగా పదిహేను రోజులకోసారి, ధర బాగా కదిలితే మధ్యలో కూడా. దాన్ని కస్టమ్స్ ప్రకటించిన మారకం రేటుతో రూపాయల్లోకి మారుస్తారు. కాబట్టి మీరు బేరమాడి మజూరీ తగ్గించుకున్నా డ్యూటీ తగ్గదు, మజూరీ ఎక్కువ ఇచ్చినా పెరగదు. బిల్లు అవసరం విలువ కోసం కంటే ఎక్కువగా స్వచ్ఛత, బరువు, ఎవరిది, ఎప్పుడు కొన్నది అనే వాటి కోసం.

ఇంకొకటి, ఆ 6 శాతం విదేశీ కరెన్సీలో కట్టాలన్నది షరతు. రూపాయలు జేబులో పెట్టుకుని వచ్చి కౌంటర్ దగ్గర తెల్లబోయేవాళ్లు బోలెడు మంది. మీ 61,200కి ఓ 2,500 దిర్హామ్‌లు దగ్గర పెట్టుకోండి, కాస్త ఎక్కువే ఉంచుకోండి, ఎందుకంటే నేను వేసింది ఊహా ధర. వింత షరతులా ఉంటుంది కానీ దాని వెనక కథ ఉంది. 1990లో బంగారం నియంత్రణ చట్టం ఎత్తేశారు. తర్వాత 1992లో విదేశాల నుంచి వచ్చే మనవాళ్లు డ్యూటీ కట్టి బంగారం తెచ్చుకోవచ్చని తలుపు తెరిచారు. అప్పట్లో మనిషికి అయిదు కిలోల దాకా. దేశం దగ్గర డాలర్లు లేక అల్లాడిన రోజులవి. దొంగ బంగారం తగ్గాలి, పైగా డ్యూటీ రూపంలో విదేశీ ద్రవ్యం రావాలి, అదీ ఉద్దేశం. కిలోలు తగ్గాయి, రేట్లు మారాయి, కరెన్సీ షరతు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఫ్రీ పరిమితి కథ వేరు, అది తెలిస్తే పాత మాటల్లో ఏవి నమ్మాలో ఏవి వద్దో మీకే అర్థమవుతుంది. ఈ పరిమితి మొదట గ్రాముల్లో లేదు, రూపాయల్లో ఉండేది: మగవారికి 10,000, స్త్రీలకు 20,000. 1991 తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 2013 బడ్జెట్ ప్రసంగంలో చిదంబరం గారు ఈ సంగతే ఎత్తి, బంగారం ధర పెరిగిందనీ ప్రయాణికులు వేధింపుల గురించి ఫిర్యాదు చేస్తున్నారనీ చెప్పి, దాన్ని 50,000, లక్షగా పెంచారు. 2016లో కొత్త బ్యాగేజీ నియమాలు వచ్చినప్పుడు ఆ రూపాయల పరిమితిని ఉంచి పక్కనే బరువు కూడా చేర్చారు. 20 గ్రాములు, కానీ 50,000 దాటకూడదు. 40 గ్రాములు, కానీ లక్ష దాటకూడదు. లెక్క వేసి చూడండి, రెండూ గ్రాముకి 2,500 దగ్గర కలుస్తాయి. అప్పట్లో గ్రాము మూడు వేలకి అటూ ఇటూ ఉంది కాబట్టి పెద్దగా తేడా కనిపించలేదు.

తర్వాత ధర పరిగెత్తింది, రూపాయల పరిమితి ఉన్నచోటే నిలబడింది. 2025లో పది గ్రాములు లక్ష దాటాక పరిస్థితి ఏమిటంటే, కాగితం మీద స్త్రీకి 40 గ్రాములు, చేతిలో పది గ్రాములు కూడా కాదు. మగవాడికి అయిదు గ్రాములు దాటితే చాలు, డ్యూటీ. కౌంటర్ దగ్గర "నిబంధనలో 20 గ్రాములని ఉంది కదా" అని ఫోన్‌లో చూపించి వాదించేవాళ్లు, నిజమే, ఉంది, పక్క వాక్యం చదవండి అని మేం చెప్పేవాళ్లం. వాళ్ల కోపంలో అన్యాయం ఏమీ లేదు, కానీ కౌంటర్‌లో కూర్చున్నవాడికి నిబంధన మార్చే అధికారం ఉండదు. ఢిల్లీ హైకోర్టు కూడా ఈ పరిమితులు ఇవాళ్టి ధరకు సరిపోవని, మార్చే విషయం చూడమని బోర్డుకి చెప్పింది. చివరికి 2026 ఫిబ్రవరి 2 నుంచి కొత్త బ్యాగేజీ నియమాలు వచ్చాయి, అందులో రూపాయల పరిమితి తీసేసి బరువు మాత్రమే ఉంచారు. నా దృష్టిలో ఇది పదేళ్ల ముందే జరగాల్సింది. ఇక ధర ఎంత పెరిగినా 20 గ్రాములు 20 గ్రాములే. కాబట్టి "యాభై వేలు దాటితే కట్టాలి" అని ఎవరైనా చెప్తే అది పాత మాట. ఫిబ్రవరికి ముందు రాసినవన్నీ ఈ విషయంలో పనికిరావు.

సరే, గ్రీన్ చానల్. ఒంటి మీద ఉంటే లెక్కలోకి రాదన్నది తప్పు. మెడలో ఉన్నా, సంచిలో ఉన్నా బరువు బరువే. గ్రీన్ చానల్‌లో అడుగు పెట్టడమంటే "నా దగ్గర డ్యూటీ కట్టాల్సింది ఏమీ లేదు" అని మీరు నోటితో చెప్పినట్టే. అక్కడ ఆపితే ఆ తర్వాత "కట్టేస్తా సార్, ఎంతో చెప్పండి" అన్నది డిక్లరేషన్ కిందకి రాదు. నగలు స్వాధీనం చేసుకుంటారు, నోటీసు, విచారణ, ఆర్డరు. వెనక్కి ఇచ్చినా డ్యూటీతో పాటు విడుదల జరిమానా, దాని మీద పెనాల్టీ, అసలు ఇవ్వకుండా జప్తు చేసేయడం కూడా చట్టంలో ఉంది. 61 వేలు మిగుల్చుకోబోయి చెల్లి పెళ్లికి నగ లేకుండా వెళ్తారు, కేసు తేలేసరికి ఆమెకు బిడ్డ పుడుతుంది.

ఎవరిని ఆపుతారో ఎలా తెలుస్తుంది అని అడుగుతుంటారు. దానికి నేను జవాబు చెప్పను, కానీ ఒక్కటి: కొత్త నగకు మెరుపు వేరు. రోజూ వేసుకున్న గాజుకు గీతలుంటాయి, కొక్కెం దగ్గర అరుగు ఉంటుంది. నాలుగు జతల గాజులు ఒకే మెరుపుతో చేతి నిండా ఉంటే, ఫుల్ చేతుల చొక్కా వేసినా నడకలోనే తెలిసిపోతుంది.

వాడిన సొంత నగల సంగతి కొంచెం వేరు. ఏళ్ల తరబడి వేసుకుంటున్న పుస్తెలతాడు, పాత గాజులు లాంటి వాటిని వాడుకలో ఉన్న వ్యక్తిగత నగలుగా చూడాలని కోర్టులు చాలా కేసుల్లో చెప్పి వెనక్కి ఇప్పించాయి. కానీ ఆ కేసులు గెలిచినవాళ్లు కూడా నెలల తరబడి తిరిగారు. ఇండియా నుంచి పాత నగలు పెట్టుకుని వెళ్లేటప్పుడే, బయల్దేరే ముందు విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లకు చూపించి ఎగుమతి సర్టిఫికెట్ తీసుకుంటే ఈ తలనొప్పి ఉండదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యుయర్ రాసిన రిపోర్టు, ఫొటోలు వెంట ఉంటే పని త్వరగా అవుతుంది. మీ ఆవిడ ఎనిమిది నెలల కింద వెళ్లేటప్పుడు ఇక్కడి నగలు ఏమైనా తీసుకెళ్లారా? ఆ 60 గ్రాముల్లో అవీ కలిసి ఉంటే, సర్టిఫికెట్ ఉందా లేదా చూడండి. లేకపోతే పాత బిల్లులు, అవి వేసుకుని ఉన్న పెళ్లి ఫొటోలు ఫోన్‌లో పెట్టుకోండి. ఫొటో నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, ఒకసారి ఒకావిడ తన పెళ్లి ఆల్బమ్‌లో అదే హారం చూపిస్తే పది నిమిషాల్లో పంపించేశాం.

దిగాక చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. రెడ్ చానల్‌కి వెళ్లండి, ఎవరి నగలు వాళ్లు విడిగా డిక్లేర్ చేయండి. కస్టమ్స్ వాళ్ల ATITHI యాప్‌లో ముందే నింపుకోవచ్చు కూడా. తూకం, స్వచ్ఛత పరీక్ష, లెక్క, రసీదు. రసీదులో బరువు, నగ వర్ణన సరిగ్గా రాశారో అక్కడే చదువుకుని తీసుకోండి. ఆ కాగితం పారేయకండి, రేపు ఆ నగ మళ్లీ దుబాయ్ పట్టుకెళ్లి తిరిగి తెచ్చేటప్పుడు పనికొస్తుంది.

ఒకవేళ ఆ రోజు కట్టడానికి డబ్బు చాలకపోతే, లేదా రేటు విని వద్దనుకుంటే, డిక్లేర్ చేసినవాళ్లకి ఇంకో వీలుంది. కస్టమ్స్ చట్టం సెక్షన్ 80 కింద ఆ నగను వాళ్ల దగ్గరే ఉంచమని, తిరిగి వెళ్లేటప్పుడు తీసుకుంటానని అడగొచ్చు. నిజంగా డిక్లేర్ చేసిన సరుకుకే ఆ వీలు, గ్రీన్‌లో పట్టుబడ్డదానికి కాదు. మీరు చుట్టీ అయ్యాక దుబాయ్ వెళ్లేవాళ్లే కాబట్టి మీకిది పనికొచ్చే సంగతి. డిటెన్షన్ రసీదు తీసుకుని, వెళ్లే రోజు కాస్త ముందుగా విమానాశ్రయానికి రండి, గోదాం నుంచి తెప్పించడానికి టైం పడుతుంది.

ఇంకో మాట, పెళ్లి తేదీ వచ్చే నెలే కాబట్టి మీకు చెప్పి లాభం లేదు, ఇది చదివే మిగతావాళ్ల కోసం. మీ ఆవిడ ఇంకో నాలుగు నెలలు ఆగి, ఏడాది దాటాక వచ్చుంటే ఆమె 60లో 40 ఫ్రీ అయ్యేది, రాళ్ల నెక్లెస్ ఆమె మెడలోనే ఉండి కూడా. అప్పుడు ఆమె కట్టాల్సింది 20 గ్రాముల మీద 14,400. అందుకే టికెట్ తేదీ తేల్చుకునే ముందు పాస్‌పోర్టులో వెళ్లిన స్టాంపు చూసుకోమని అందరికీ చెప్తుంటాను.

మీ ఆవిడ పాత నగల విషయం, నెక్లెస్ బిల్లు ఎవరి పేరు మీద ఉందో కింద రాయండి, లెక్క మళ్లీ వేసి చెప్తాను.